కొత్త పంట గింజలు డ్రమ్ములో పోసే ముందు: మాడినవి, చప్పబడినవి, పచ్చిగా మిగిలినవి ఎలా పట్టుకోవాలి

కాఫీ రోస్టు చేసేవాళ్లకు సరుకు సులువుగా పాడయ్యేది కొత్త పంట సంచులు విప్పిన వారంలోనే. నిరుడు బాగా కుదిరిన లెక్కలు నోట్‌బుక్‌లో ఉంటాయి, మిషన్ అదే, చెయ్యి అదే. గింజ మాత్రం అది కాదు. నెలల తరబడి నిల్వ ఉన్న గింజలో కొంత తేమ తగ్గిపోయి ఉంటుంది. కొత్త గింజలో తేమ నిండుగా ఉంటుంది కాబట్టి అది వేడెక్కడానికి ఇంకాస్త మంట అడుగుతుంది. పాత లెక్కతోనే వేయిస్తే లోపల పచ్చిగా మిగిలిపోతుంది. అది చూసి కంగారుపడి వేడి పెంచితే పైన మాడుతుంది. మాడిందని భయపడి తగ్గిస్తే చప్పబడిపోతుంది. ఈ మూడింటికీ విరుగుళ్లు వేరు, ఒకదాని మందు ఇంకోదానికి రోగం. అందుకే మీటలు తిప్పే ముందు ఏ తప్పు జరిగిందో రుచి చూసి తేల్చుకోవాలి.

పోయిన పంటకు నా చేతిలో ఇది వరసగా జరిగింది, దాన్నే చెబుతాను. కిలో పట్టే డ్రమ్ము మిషన్‌లో 600 గ్రాముల బ్యాచ్‌లు వేస్తాను. పాత గింజకు లెక్క ఇదీ: డ్రమ్ము 190 డిగ్రీలకు వచ్చాక గింజలు పోయడం, 8 నిమిషాలకు ఫస్ట్ క్రాక్, అంటే గింజలు మొదటిసారి చిటపటమని పగలడం, తొమ్మిదిన్నరకు దించడం. దించాక 519 గ్రాములు తూగేవి. ఈ డిగ్రీలు నా మిషన్‌వి. మీటరు సూది ఎంత లావు, ఎక్కడ దిగి ఉంది అన్నదాన్ని బట్టి మీ మిషన్‌లో వేరే అంకె కనిపిస్తుంది, కాబట్టి వీటిని నేరుగా ఎత్తి రాసుకోవద్దు.

కొత్త గింజతో మొదటి బ్యాచ్ అదే లెక్కన వేశాను. క్రాక్ 8:50కి గానీ మొదలవలేదు, అదీ ముక్కుతూ మూలుగుతూ అక్కడొకటి ఇక్కడొకటి. నేను గడియారం చూసుకుని తొమ్మిదిన్నరకే దించేశాను. క్రాక్ తర్వాత ఒకటిన్నర నిమిషం దొరకాల్సిన గింజకు 40 సెకన్లే దొరికాయి. తూకం 534 గ్రాములు, అంటే తరుగు 11 శాతం. పాత గింజకు తరుగు పదమూడున్నర వచ్చేది. తేమ ఎక్కువున్న గింజ అంతే వేగితే నిజానికి ఇంకాస్త ఎక్కువే తరగాలి, ఇంత తక్కువ తరిగిందంటే అప్పుడే అనుమానం రావాలి. ఈ రోస్టుకు త్రాసు మీటరుకన్నా నిజాయితీగల సాక్షి.

పచ్చిగా మిగిలిన గింజను నోటికన్నా ముందు పళ్లు పట్టుకుంటాయి. ఒక గింజ కొరికి చూడండి. సరిగ్గా వేగింది పటుక్కున విరిగి పొడవుతుంది. పచ్చిది గట్టిగా, సాగుతున్నట్టు మొరాయిస్తుంది. గ్రైండరు కూడా బరువుగా మూలుగుతుంది. పైన ముడతలు సాఫీగా విప్పుకోకుండా మిగిలిపోతాయి. తర్వాత గింజల రంగునూ పొడి రంగునూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొడి రంగు గింజకన్నా బాగా లేతగా ఉంటే పైకి ఉడికి లోపల ఉడకలేదని అర్థం. కొద్దిపాటి తేడా లేత రోస్టులో ఎప్పుడూ ఉంటుంది, దానికి బెంబేలెత్తక్కర్లేదు.

కప్పులో పచ్చి బఠాణీ, ఎండుగడ్డి, పచ్చి వేరుశెనగ వాసనలు వస్తాయి. పులుపు ఉంటుంది కానీ పండు పులుపు కాదు. తీపి తోడులేని పులుపు, నాలుక పక్కలను కోసి చివర వగరుగా ఆరబెట్టేస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, కాఫీ సరిగ్గా దిగకపోయినా ఇలాగే పుల్లగా ఉంటుంది. అందుకే లోపం వెతికేటప్పుడు ఎస్ప్రెస్సోతోనో ఫిల్టర్‌తోనో చూడొద్దు, గిన్నెలో పొడి మీద వేడినీళ్లు పోసి చెంచాతో రుచి చూసే కప్పింగే చేయాలి. రెండోది, పండని కాయల నుంచి వచ్చిన గింజలు ఎంత బాగా వేయించినా తెల్లగా పాలిపోయి ఉంటాయి, వాటి రుచీ వేరుశెనగలాగే ఉంటుంది. అవి పొలంలో జరిగిన తప్పు, రోస్టుది కాదు. పొడి కొట్టే ముందు పాలిపోయినవన్నీ ఏరి పారేస్తే ఈ గందరగోళం తప్పుతుంది.

రెండో బ్యాచ్‌లో తొందరపడ్డాను. వేడి చాలలేదు కదా అని డ్రమ్మును 215 డిగ్రీలకు కాచి పోశాను. క్రాక్ 7:20కే వచ్చింది, 8:40కి దించాను, 522 గ్రాములు తూగింది. దూరం నుంచి చూస్తే రంగు ముచ్చటగా కుదిరింది. పళ్లెంలో పరిచి దీపం కింద చూస్తే కథ వేరు. గింజకు చదునుగా ఉండే ముఖం మీద నల్లటి మరకలు, ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆనిన గుడ్డలా. అది స్కార్చింగ్. చల్లటి గింజ పడగానే ఎర్రగా కాగిన ఇనుముకు ఆనుకుని పైపొర మాడిపోవడం. డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతున్నా, గింజలు సరిగ్గా పొర్లలేకపోయినా ఇదే జరుగుతుంది. మరక ముఖం మీద కాకుండా గింజ కొసన మాత్రమే, అగ్గిపుల్ల తలలా నల్లబడితే దాన్ని టిప్పింగ్ అంటారు. అది పోసినప్పటి వేడికన్నా మధ్యలో, ముఖ్యంగా క్రాక్‌కు చేరువలో మంట ఎక్కువై వస్తుంది. కాబట్టి దానికి పోసేటప్పటి వేడి తగ్గించడం ఒక్కటే చాలదు, మధ్యలో గ్యాసు కూడా తగ్గించాలి.

మాడిన కప్పు వేడిగా ఉన్నప్పుడు చాలామందిని మోసం చేస్తుంది, ముదురు రోస్టు చేదులా అనిపించి వదిలేస్తారు. చల్లారేకొద్దీ బూడిద రుచి పైకి తేలుతుంది. మింగాక కూడా గొంతులో కమురు వాసన మిగిలిపోతుంది. నిజంగా ముదురుగా వేగిన గింజైతే చేదుతోపాటు మాగిన తీపి, చిక్కదనం ఉంటాయి. ఇక్కడ గింజ రంగేమో మధ్యరకం, చేదేమో కాలినది. ఆ రెండూ పొంతన కుదరనప్పుడు మాడుగా లెక్కేయండి. పొగ వాసన ఉండీ గింజల మీద మరకలు లేకపోతే మాత్రం ముందు పొట్టు డబ్బా, పొగగొట్టం తెరిచి చూడండి. పేరుకున్న పొట్టు కాలి పొగ గింజకు పట్టి ఉంటుంది, అది చీపురుతో పోయే జబ్బు.

ఒక్క హెచ్చరిక: మాడు, పచ్చి ఒకే గింజలో కలిసి ఉండొచ్చు. పైన మాడే వేడికి రంగు త్వరగా వస్తుంది, రంగు చూసి త్వరగా దించేస్తాం, లోపల పచ్చిగానే ఉంటుంది. కప్పులో బూడిదా బఠాణీ కలిసి వస్తే రెండూ జరిగాయన్నమాట.

మూడో బ్యాచ్ భయం మీద వేశాను. 185కి పోసి, గ్యాసు సన్నగా పెట్టి, అలాగే వదిలేశాను. క్రాక్ 11:40కి వచ్చింది. రాగానే మీటరు కదలడం మానేసింది, నిమిషం మొత్తంలో ఒకటో రెండో డిగ్రీలు ఎక్కింది. క్రాక్ సమయంలో గింజలోంచి ఆవిరి తన్నుకొస్తుంది, అది చుట్టూ వేడిని లాక్కుంటుంది. వెనకాల మంటకు ఊపు లేకపోతే రోస్టు అక్కడే కూలబడుతుంది. 14 నిమిషాలకు దించాను. 517 గ్రాములు.

నాలుగింటిలోనూ అందంగా ఉన్నది ఇదే! మరకలు లేవు, రంగు సమంగా ఉంది, పళ్ల కింద పటుక్కున విరిగింది, తూకం కూడా వేలెత్తి చూపేలా లేదు. ఇలా చప్పబడినదాన్ని బేక్డ్ అంటారు, దానితో చిక్కే ఇది, కంటికి దొరకదు. రోస్టు చేస్తూ నిమిషానికొకసారి డిగ్రీలు రాసుకున్న కాగితం, చల్లారిన కప్పు, ఈ రెండే పట్టిస్తాయి. పొడి వాసన కాల్చిన రొట్టెలా హాయిగానే ఉంటుంది. తాగితే పులుపు లేదు, తీపి లేదు, మధ్యలో ఏదో ఉండాల్సిన చోట ఖాళీ. చల్లారాక తడిసిన అట్టముక్క రుచి. పచ్చి గింజలోనూ ధాన్యం రుచి వస్తుంది కాబట్టి ఈ రెండూ కలగాపులగం అవుతాయి. నేను పెట్టుకున్న గుర్తు ఇది: పచ్చి కప్పు నాలుకను గిల్లుతుంది, చప్ప కప్పు దాన్ని పట్టించుకోదు.

ఈ రెంటినీ తారుమారు చేసుకుంటే నష్టం పెద్దది. పచ్చిదనానికి క్రాక్ తర్వాత ఇంకొంత సమయం ఇవ్వడం పనిచేస్తుంది. చప్పబడినదానికి ఇంకా సమయం ఇస్తే ఇంకా చప్పబడుతుంది.

రుచి చూసేటప్పుడు పాటించాల్సినవి కొన్నే. దించిన రోజే తాగి తీర్పు చెప్పొద్దు. గింజలో గ్యాసు నిండి ఉండి రుచులు కలగలిసిపోతాయి, కనీసం 8 గంటలు, కుదిరితే ఒక రోజు ఆగండి. కప్పుకు 11 గ్రాముల పొడి, 93 డిగ్రీల దగ్గరున్న నీళ్లు 200 మిల్లీలీటర్లు. 4 నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో విరిచి వాసన చూసి, నురగ తీసేయాలి. 10 నిమిషాలు దాటాక మొదటి చెంచా, 20 దాటాక రెండోది, పూర్తిగా చల్లారాక మూడోది. మూడో చెంచాను ఎగ్గొట్టకండి, మాడూ చప్పా బయటపడేది అక్కడే. ఏ గిన్నెలో ఏ బ్యాచ్ ఉందో అడుగున రాసి, గిన్నెలు ఇంకొకరితో మార్పించుకోండి. ఏది ఏదో తెలిస్తే నాలుక మనసు చెప్పిందే చెబుతుంది.

నాలుగో బ్యాచ్‌కు డ్రమ్ము 195కి కాచాను, అంతే పెంచాను. కావలసిన మిగతా వేడిని గింజలు పోశాక మొదటి నాలుగైదు నిమిషాల్లో గ్యాసుతో ఇచ్చాను. పచ్చి రంగు పోయి పసుపు తిరిగాక మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాను, క్రాక్ ముందు ఒక్కసారిగా కోయలేదు. క్రాక్ 8:20కి గట్టిగా వచ్చింది, మీటరు ఎక్కడా ఆగలేదు. 9:45కి దించితే 520 గ్రాములు. ఈసారి దించే సమయాన్ని గడియారంతో కాకుండా క్రాక్ మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టాను.

పాడైన మూడు బ్యాచ్‌లలోంచి తలా 100 గ్రాములు గాలి చొరని డబ్బాల్లో దాచాను. మూడు వారాలపాటు ప్రతి కొత్త రోస్టు పక్కన ఒక గిన్నె వాటిది కూడా పెట్టి తాగాను. ఆ తర్వాత అవి పాతబడి అట్టముక్క రుచి అన్నింటికీ వచ్చేసింది, ఇక చప్పదాన్ని విడిగా పట్టుకోవడానికి పనికిరాక పారబోశాను.