విలువిద్య ఇంటి పాఠాలు – 5: బ్రాడ్‌హెడ్ ఏది బిగించాలి, ఫిక్స్‌డా, మెకానికలా?

పోయిన పాఠంలో కాగితానికి వేసి బాణం తిన్నగా వెళ్తోందో లేదో చూడటం నేర్చుకున్నాం. ఈసారి బాణం కొసకు, అంటే వేటకు బిగించే పదునైన బ్లేడ్ల బ్రాడ్‌హెడ్‌కు వద్దాం. ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 9వ సెక్షన్ ప్రకారం షెడ్యూళ్లలో ఉన్న వన్యమృగాలను వేటాడటం నేరం. విశాఖను ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది కాబట్టి ఈ పాఠం చదివి అటువైపు చూడాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. ఇది వేట చట్టబద్ధమైన చోట లైసెన్సు తీసుకుని వేసేవాళ్ల కోసం. మన దగ్గర నేర్చుకుని అమెరికా వెళ్తున్న పిల్లలు పెరిగారు, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఎం.వి.పి. కాలనీకి చెందిన దంపతులు, టెక్సాస్‌లో ఉంటారు, సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గర ప్రాక్టీస్ చేశారు. ఇద్దరిదీ కాంపౌండ్ విల్లే. అక్టోబరులో తెల్లతోక జింక వేటకు వెళ్లాలని వాళ్ల ప్లాన్. ఆయన అప్పటికే రెండంగుళాల మెకానికల్ బ్రాడ్‌హెడ్‌లు కొనేశారు. “మాస్టారూ, ఇవి ఫీల్డ్ పాయింట్‌లాగే తిన్నగా వెళ్తాయట, ట్యూనింగ్ గొడవే ఉండదట, తనకూ ఇవే పెట్టేద్దామా?” అని అడిగారు. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

రెండింటి తేడా క్లుప్తంగా చెప్తాను. ఫిక్స్‌డ్‌లో బ్లేడ్లు ఎప్పుడూ బయటే ఉంటాయి, కదలవు. కోత వెడల్పు సాధారణంగా అంగుళం నుంచి అంగుళంపావు. మెకానికల్‌లో బ్లేడ్లు ఎగిరేటప్పుడు ముడుచుకుని, తగలగానే విచ్చుకుంటాయి. విచ్చుకున్నాక ఒకటిన్నర నుంచి రెండంగుళాల పైదాకా వస్తుంది. బ్లేడ్లను అలా ముడిచి పట్టి ఉంచేది చిన్న రబ్బరు రింగో, ప్లాస్టిక్ కాలరో. విచ్చుకోవడంలోనూ రెండు రకాలు. ఒకదాంట్లో బ్లేడ్ల కొసలు ముందుకు ఉండి, చర్మం తగలగానే మన బీచ్ గాలికి గొడుగు తిరగబడినట్టు వెనక్కి మడుచుకుంటాయి. రెండోదాంట్లో బ్లేడ్లు వెనక్కి జారుతూ పక్కలకు తెరుచుకుంటాయి. ఈ రెండో రకంలో లోపలికి వెళ్లే గాయం మొదటి నుంచే పెద్దది.

ఇప్పుడు చొచ్చుకుపోవడం సంగతి. ఆయన విల్లు లాగే బలం 60 పౌండ్లు, బాణం బరువు కొసతో కలిపి 28 గ్రాములు. స్పీడు మీటరు మీద సెకనుకు 76 మీటర్లు చూపించింది. ఆమె విల్లు 40 పౌండ్లు, బాణం 25 గ్రాములు, స్పీడు 59 మీటర్లు. శక్తి లెక్క హైస్కూల్లో చదివినదే:

```
E = m × v² ÷ 2
ఆయన: 0.028 × 76 × 76 ÷ 2 ≈ 81 J
ఆమె: 0.025 × 59 × 59 ÷ 2 ≈ 44 J
```

అంటే ఆమె బాణంలో ఉన్నది ఆయన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. బ్రాడ్‌హెడ్ ఈ ఖాతాలోంచే ఖర్చు పెట్టాలి. మెకానికల్ ముందుగా బ్లేడ్లు తెరవడానికి కొంత తీసుకుంటుంది. ఆ తర్వాత వెడల్పాటి కోత కోయడానికి, ఆ కోత గోడల రాపిడికి ఇంకొంత పోతుంది. ఫిక్స్‌డ్‌కు మొదటి ఖర్చు లేదు. పైగా ఎక్కువ మెకానికల్ బ్లేడ్లు విచ్చుకున్నాక దాదాపు అడ్డంగా నిలబడతాయి. ఫిక్స్‌డ్ బ్లేడు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మాంసాన్ని నెట్టకుండా కోసుకుంటూ పోతుంది. 81 జౌళ్ల బాణం ఈ ఖర్చును భరించి పక్కటెముకల మధ్య నుంచి ఊపిరితిత్తులు దాటి అవతలికి రాగలదు. 44 జౌళ్ల బాణం లోపలే ఆగిపోతే బయటికి వచ్చే రంధ్రం ఉండదు, రక్తం జాడ పలచబడుతుంది, దెబ్బ తిన్న జంతువు దొరకదు.

వెడల్పు గురించి చాలామంది లెక్క చూడకుండా మాట్లాడతారు. అంగుళం మీద ఇంకో ఎనిమిదో వంతు వెడల్పున్న మూడు బ్లేడ్ల ఫిక్స్‌డ్ తీసుకోండి, అంటే 28.6 మిల్లీమీటర్లు. ఒక్కో బ్లేడు మధ్య నుంచి అంచుదాకా 14.3 మి.మీ. కోస్తుంది, మూడూ కలిపి 43. రెండు బ్లేడ్ల రెండంగుళాల మెకానికల్ కోత మొత్తం 51. పెట్టె మీద వెడల్పులు చూస్తే దాదాపు రెట్టింపు తేడా కనిపిస్తుంది, అసలు కోతలో తేడా ఐదో వంతు కూడా లేదు. అయితే మెకానికల్ గీత వెడల్పుగా సాగుతుంది కాబట్టి గురి కొంచెం తప్పినా పెద్ద రక్తనాళం దానికి అందే అవకాశం ఎక్కువ. ఆ మేలు నిజమైనదే, కాదనను.

ఇక ఎగరడం. ఆయన కొనడానికి కారణం ఇదే, పొరపాటు పడేదీ ఇక్కడే. ఫిక్స్‌డ్ బ్లేడ్లు అంటే బాణం ముందు భాగానికి కూడా రెక్కలు ఉన్నట్టే. బాణం విల్లు వదిలేటప్పుడు తోక రవ్వంత పక్కకు ఉన్నా, గాలి ఆ ముందు రెక్కల మీద పని చేసి బాణాన్ని అవి చూస్తున్న వైపుకు తోస్తుంది. వెనకున్న వేన్స్ సరిదిద్దేలోపే బాణం దారి తప్పుతుంది. ఫీల్డ్ పాయింట్‌కు ఈ బాధ లేదు. ముడుచుకున్న మెకానికల్ కూడా దాదాపు అంతే కాబట్టి తిన్నగా తగులుతుంది.

కానీ తోక పక్కకు ఉన్న తప్పు పోయిందా? పోలేదు, కనిపించడం మానేసింది అంతే. ఆ బాణం జింకకు తగిలేటప్పుడు కూడా వంకరగానే తగులుతుంది. కొస ఒక దారిన, కాడ ఇంకో దారిన పోవాలని చూస్తాయి. అప్పుడు శక్తి కొంత కాడ ఊగడానికే పోతుంది. అంటే ట్యూనింగ్ ఎగ్గొట్టడానికి మెకానికల్ పెట్టుకున్న మనిషి, ఎక్కువ శక్తి అడిగే కొసకు తక్కువ శక్తి అందిస్తున్నాడన్నమాట. నేనైతే ఎవరు ఏది వాడినా ముందు ఫిక్స్‌డ్‌తోనే ట్యూన్ చేయిస్తాను.

అది ఎలాగంటే, ఫీల్డ్ పాయింట్, బ్రాడ్‌హెడ్ ఒకే బరువువి తీసుకోండి. 100 గ్రెయిన్లవి అయితే రెండూ 100వే. బ్రాడ్‌హెడ్‌లను ఆపే మందపాటి ఫోమ్ టార్గెట్ కావాలి, గడ్డి బట్ పనికిరాదు, చీలిపోతుంది. వైజాగ్‌లో ఈ పని పొద్దున్నే ముగించాలి. ఎండ ఎక్కాక సముద్రం గాలి మొదలైతే ఫిక్స్‌డ్ బ్లేడు దానికి లొంగుతుంది, మీరు గాలి తప్పును విల్లు మీద దిద్దుతూ కూర్చుంటారు.

20 గజాల నుంచి మొదలుపెట్టి మూడు ఫీల్డ్ పాయింట్లు వేయండి. తర్వాత అదే గురితో మూడు బ్రాడ్‌హెడ్‌లు వేయండి, ఒక్కోటి వేశాక తీసేయండి, లేకపోతే ఒకటి ఇంకోదాని వేన్స్ కోసేస్తుంది. ఇప్పుడు రెండు గుంపులూ చూడండి. కుడిచేతి వాటం విలుకాడికి బ్రాడ్‌హెడ్‌ల గుంపు ఎడమకు పడితే రెస్ట్‌ను కుడికి జరపాలి, కిందికి పడితే రెస్ట్‌ను పైకి లేపాలి. ఫీల్డ్ పాయింట్లు ఉన్న వైపుకు రెస్ట్ వెళ్తుందని గుర్తు పెట్టుకోండి చాలు. ఒక్కసారికి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు లోపే, అంతకంటే వద్దు. మళ్లీ వేసి చూడండి. గుంపులు కలిశాక 30 గజాలకు, తర్వాత 40కి వెళ్లండి. సైట్ ముట్టుకోవడం ఆఖరున, రెండూ ఒకే చోట పడ్డాకే.

ఆయన విల్లుతో మొదటి రోజు 30 గజాల్లో ఫిక్స్‌డ్ గుంపు ఎడమకు అరచేయంత దూరం పడింది. రెస్ట్‌ను కొంచెం కొంచెంగా కుడికి జరుపుతూ వస్తే గుంపులు కలిశాయి. ఒక్క బాణం మాత్రం ప్రతిసారీ వేరేగా పడేది. అలా ఒక్కటే తప్పుతుంటే విల్లును ముట్టుకోకండి. ఆ బాణాన్ని కొస కింద పెట్టి అరచేతుల మధ్య గిర్రున తిప్పండి. కొస దగ్గర వణుకు కనిపిస్తే ఇన్సర్ట్ వంకరగా అతికి ఉంటుంది, లేదా కాడ కొస సమంగా కోసి ఉండదు. ఆయనది ఇన్సర్టే. గుంపు మొత్తం ఎంత జరిపినా కలవకపోతే వేన్స్ రెస్ట్‌కు తగులుతున్నాయేమో, చేతిపట్టు విల్లును మెలిపెడుతోందేమో చూడాలి.

ఇక నమ్మకం. మెకానికల్‌కు పాడయ్యే భాగాలు ఎక్కువ. పొదలో కొమ్మ తగిలి ముందే తెరుచుకోవచ్చు, బాగా వాలుగా తగిలితే ఒక బ్లేడు ముందు పట్టుకుని బాణాన్ని పక్కకు తన్నవచ్చు, భుజం ఎముక తగిలితే పలచటి బ్లేడు విరగవచ్చు. ఇంటి దగ్గర చూసుకోవాల్సింది రబ్బరు రింగే. మన ఉక్కపోతలో ఒక సీజన్ పెట్టెలో ఉంటే అది జిగటగానో పెళుసుగానో మారుతుంది. వేలితో సాగదీసి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే పారేయండి. అంబులపొదిలో ఫోమ్‌లోకి గుచ్చి తీసేటప్పుడు బ్లేడు కాస్త లేస్తుంది, విల్లుకు పెట్టే ముందు ఒకసారి చూపు వేయండి.

ఫిక్స్‌డ్‌కు వచ్చే జబ్బు తుప్పు. కార్బన్ స్టీలు బ్లేడయితే సముద్రం గాలికి వారంలో అంచు మొద్దుబారుతుంది, పలచగా నూనె రాసి పెట్టాలి. మార్చుకునే సన్నటి బ్లేడ్లున్న ఫిక్స్‌డ్ కూడా ఎముకకు విరుగుతుంది, ఒకే ముక్కగా చేసినది గట్టిది. ప్రాక్టీస్‌లో వాడిన బ్లేడును పదును పెట్టకుండా వేటకు తీసుకెళ్లకండి, ఏ రకమైనా సరే.

ఆ దంపతుల విషయానికి వస్తే, ఆమెకు ఒకే ముక్కగా చేసిన, రెండు బ్లేడ్ల, అంగుళం పైచిలుకు ఫిక్స్‌డ్ చెప్పాను. 20 గజాల లోపు, జింక అడ్డంగా నిలబడ్డప్పుడే వేయమన్నాను. టెక్సాస్ నియమాల్లో బ్రాడ్‌హెడ్ కనీసం 7/8 అంగుళం వెడల్పు, కనీసం రెండు కోత అంచులు ఉండాలి. మెకానికల్ అయితే తగలగానే తెరుచుకోవడం మొదలై అంత వెడల్పు రావాలి. ఇవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి, ఆ ఏడాది పుస్తకం చూసుకోవాలి.

ఆయనకు మెకానికల్ వద్దని చెప్పలేదు. 81 జౌళ్లు ఉన్నాయి, విల్లు ట్యూన్ అయింది, వేసేది జింకను. రెండంగుళాలది తిరిగిచ్చి ఒకటిన్నర అంగుళాలది, వెనక్కి జారి తెరుచుకునేది తీసుకోమన్నాను. “అదే విల్లుతో అడవిపంది దొరికితే?” అని అడిగారు. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద గట్టి మందపాటి పొర ఉంటుంది, దానికి మాత్రం ఆయనా ఫిక్స్‌డే బిగించాలి.

వచ్చే పాఠం బ్లేడుకు పదును పెట్టడం. అంతలోపు మీ బాణాలన్నిటికీ ఒకే బరువు ఫీల్డ్ పాయింట్లు బిగించి, తిప్పి చూసి, వణికేవి పక్కన పెట్టి ఉంచండి. 400, 1000 నంబర్ల రాళ్లు, ఒక పాత తోలు బెల్టు కూడా దగ్గర పెట్టుకోండి.