ప్రింట్ వస్తోంది, స్కాన్ మాత్రం చేరడం లేదు

మా ఆఫీసులో కంప్యూటర్లు, ఫైల్ సర్వర్, ప్రింటర్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. ప్రింటర్‌ని వేరే వీలాన్‌లోకి, అంటే అదే పరికరాల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లోకి మార్చి, అక్కడి నుంచి లోపలి నెట్‌వర్క్‌లకు దారి మూసేశాను. ఏళ్ల తరబడి అప్‌డేట్ మొహం చూడనిది ఆఫీసులో ఏదైనా ఉందంటే అది ప్రింటరే!

కంప్యూటర్ల నుంచి ప్రింటర్ 9100 పోర్టుకు అనుమతి ఇచ్చాక ప్రింట్లు బాగానే వచ్చాయి. మొదలైన కనెక్షన్‌ని ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, తిరిగొచ్చే జవాబుకు వేరే రూల్ అక్కర్లేదు. స్కాన్లు మాత్రం సర్వర్ ఫోల్డర్‌లోకి చేరడం లేదు. ఫైర్‌వాల్ లాగ్ తెరిచి చూస్తే, స్కాన్ నొక్కిన ప్రతిసారీ, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు బ్లాక్ అయినట్టు ఉంది. స్కాన్‌లో కనెక్షన్ మొదలుపెట్టేది ప్రింటర్ కదా. అందుకని ప్రింటర్ వీలాన్ రూల్స్ ఇలా మార్చాను:

```
allow 192.168.30.10 -> 192.168.10.5 tcp/445
block 192.168.30.0/24 -> 192.168.0.0/16 any
```

ఈ వరస తిరగబడితే పనిచేయదు. మా ఫైర్‌వాల్ పైనుంచి చదువుతూ, మొదట సరిపోయిన రూల్ దగ్గరే ఆగిపోతుంది. ప్రింటర్ ఐపీ మారితే అనుమతి దానికి వర్తించదు కాబట్టి డీహెచ్‌సీపీలో రిజర్వ్ చేశాను.

ఇంకొకటి, వేరే వీలాన్‌లో ఉన్న ప్రింటర్ కంప్యూటర్లలో దానంతటదే కనబడదు. ఐపీ అడ్రస్ ఇచ్చి చేర్చుకోవాలి.