పల్లె రోడ్డు డీపీఆర్ పంపే ముందు: గొయ్యి తవ్వారా?

తొలకరికే నిలువునా చీలిన కొత్త రోడ్డు ఫొటో ఒకటి ఈ వారం మా ఇంజినీర్ల గ్రూపులో తిరిగింది. అందరూ కాంట్రాక్టరును తిట్టారు. నేనైతే ముందు డీపీఆర్‌లో, అంటే పని మొదలుకాకముందే రాసే సమగ్ర ప్రాజెక్టు నివేదికలో, మట్టి పరీక్ష పేజీ తెరిచి చూస్తాను. హైదరాబాద్‌లో కూర్చుని తాండూరు వైపు రోడ్లకు రిపోర్టులు రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పక్క రోడ్డు సీబీఆర్‌ను తెచ్చి ఇక్కడ అతికిస్తారు.

సీబీఆర్ అంటే మట్టి బరువు మోసే సత్తా. దాని మీదే రోడ్డు మందం, మందం మీదే అంచనా నిలుస్తాయి. ఎండాకాలంలో నల్లరేగడి రాయిలా ఉంటుంది, పొడిగా పరీక్షిస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. అందుకే అచ్చులో గట్టిగా దట్టించిన నమూనాను నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టాకే పరీక్షించాలి. అప్పుడు అదే మట్టి 2 దగ్గరికి జారిపోవచ్చు.

మూడు కిలోమీటర్ల రోడ్డు అనుకోండి. మొదటి కిలోమీటరు ఎర్రనేల, సీబీఆర్ 7. మిగతా రెండూ రేగడి, నానితే 2. జీపు దిగిన చోటే ఒక్క గొయ్యి తవ్వి, 7తోనే మొత్తం డిజైన్ చేశారు. రేగడి భాగానికి అదనంగా 15 సెంటీమీటర్ల గ్రావెల్ కావాల్సి వస్తే, ఆరు మీటర్ల వెడల్పుకు 1,800 ఘనపు మీటర్లు. అంచనాలో లేని ఆ గ్రావెల్ ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు.

నేల రంగు మారిన ప్రతిచోటా గొయ్యి తవ్వండి. మారకపోయినా కిలోమీటరుకు మూడు. పైన ఎవరో పోసిన మొరం కాదు, దాని కింది అసలు మట్టి తీయాలి. నమూనాలన్నిటికీ ఒకే అంకె వచ్చిందంటే ల్యాబు మీద అనుమానపడండి, గొయ్యి ఫొటో అడగండి.

రోడ్డు అవసరం రాసేటప్పుడు బండ్ల లెక్క కోతల కాలంలోనూ తీయాలి. ఖాళీ నెలలో లెక్కిస్తే ధాన్యం లారీలు కనపడవు.

కల్వర్టు ఎక్కడో గూగుల్ మ్యాపు చూసి తేల్చకండి. వరద ఎంత ఎత్తు వచ్చిందో ఊళ్లో పెద్దాయన గోడ మీద గీత చూపిస్తాడు, అది కొలవండి.

క్వారీ దూరం బండి మీటరుతో కొలవండి, కంకర, గ్రావెల్ మోసుకొచ్చే ఖర్చు, అదే లీడ్ రేటు, దాన్నిబట్టే.

పక్క కాలవలు డ్రాయింగులో ఉంటే చాలదు, అంచనాలోనూ ఉండాలి. ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో రాయండి. రైతు చేలోకి వదలకండి.

ఐదేళ్ల నిర్వహణకు గుండుగుత్తగా ఒక మొత్తం వేయకండి. కాలవల పూడికతీత, అంచుల మట్టి, గుంతలు, ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా చూపండి.

పాత ఫైలు కాపీ కొట్టొద్దు. కొట్టినా సీబీఆర్ పేజీ మాత్రం కొట్టొద్దు. నానబెట్టని అంకె మీద సంతకం పెట్టొద్దు. గొయ్యి తవ్వనిదే అంచనా మొదలే పెట్టొద్దు.