అమ్మ పొట్ట మీద గడ్డ

మిర్యాలగూడలో అమ్మకు ఇన్సులిన్ డోసు పెంచుతున్నా పరగడుపు షుగర్ ఒకరోజు 280, ఇంకోరోజు 90. ఎండలకు మందు పాడైందేమోనని కొత్త పెన్ను తెరిచాం, తేడా లేదు.

నర్సు బొడ్డు పక్కన తడిమితే గడ్డ తగిలింది. నొప్పి తెలియదని అమ్మ రోజూ అక్కడే పొడుచుకునేది. గడ్డలోంచి ఇన్సులిన్ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి త్వరగా రక్తంలో కలుస్తుందట.

ఇప్పుడు పొట్టను నాలుగు భాగాలనుకుని వారానికొకటి వాడుతున్నాం. పోటుకూ పోటుకూ వేలెడు వెడల్పు ఎడం, ప్రతిసారీ కొత్త సూది.

అసలు టెన్షన్ ఇక్కడే: మంచి చోటికి మారితే అదే డోసు ఎక్కువై షుగర్ పడిపోవచ్చు. అందుకే డాక్టర్ ముందే డోసు తగ్గించి, తరచూ చెక్ చేయమన్నారు. గడ్డ తగ్గడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా అక్కడ సూది పెట్టం.