జ్యూరీకి బోర్డులు తగిలించే ముందు జాగ్రత్తలు

అలిపిరి దగ్గర కాలినడక భక్తులకు విశ్రాంతి మందిరం మీ ఆర్కిటెక్చర్ ప్రాజెక్టు అనుకుందాం.

• ముందుగా ఒక్క వాక్యం రాసుకోండి: "ఎండలో వచ్చినవారికి వాలు వెంబడి నీడ." దీన్ని చూపని డ్రాయింగు ఎంత కష్టపడి గీసినదైనా పక్కన పెట్టేయండి.

• వాలు స్థలంలో అసలు కథ చెప్పేది సెక్షనే. వాలు వెంబడి కోసి, మధ్య బోర్డులో కంటి ఎత్తున పెట్టండి. నేల గీత అన్నిటికంటే మందంగా ఉండాలి, నీడలో కూర్చున్న మనుషులూ కనిపించాలి. ప్లాన్ దాని కిందే, అదే స్కేలులో, గోడకు గోడ సరిపోయేలా ఉంచండి. సైట్ ప్లాన్ ఎడమ చివర.

• రంగుల రెండర్ ఆఖరున. మొదట పెడితే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

• ప్రింటు రాగానే కొలవండి: 1:100లో 5 మీటర్ల గోడ కాగితంపై 5 సెంటీమీటర్లు ఉండాలి. తగ్గితే, ప్రింటరు పేజీకి సరిపెట్టడానికి కుదించిందన్నమాట.