రాసింది మీరే దిద్దుకోవడం ఎలా? క్రియతో మొదలుపెట్టండి

చాలామంది దిద్దడం అనగానే అదనపు మాటలు ఏరడంతో మొదలుపెడతారు. నేనైతే వాక్యం చివర ఉన్న క్రియను ముందు పట్టుకోమంటాను. అది సరైతే సగం చెత్త దానంతటదే రాలిపోతుంది. ఈ నమూనా చూడండి:

"మా కాలనీలో నీటి సమస్య అనేది చాలా తీవ్రంగా ఉంది. ఈ విషయాన్ని ఎన్నోసార్లు అధికారుల యొక్క దృష్టికి తీసుకువెళ్లడం జరిగింది. అయినా సరైన చర్యలు తీసుకోబడలేదు."

1. చేసిందెవరో తేల్చండి. Ctrl+F నొక్కి "డం జరి", "డం జరు", "బడిం", "బడలే", "బడుతు" అని ఒక్కొక్కటే వెతకండి. దొరికిన ప్రతిచోటా "ఎవరు?" అని అడగండి. తీసుకువెళ్లింది మనమే, కాబట్టి "ఫిర్యాదు ఇచ్చాం". చేసినవాళ్లెవరన్నది అక్కర్లేని చోట తెలుగులో సులువైన దారి ఉంది: కర్తను వదిలేసి క్రియను బహువచనంలో పెట్టడం. "గేటు ఆరింటికి మూయబడుతుంది" కాస్తా "గేటు ఆరింటికి మూసేస్తారు" అవుతుంది. వెతుకులాటలో "కనబడింది", "నిలబడింది" లాంటివీ తగులుతాయి. అవి మన సొంత క్రియలే, ముట్టుకోవద్దు. "పెళ్లి జరిగింది" కూడా అంతే.

2. గాల్లో మాటల్ని నేలకు దించండి. కర్త బయటపడగానే మన దగ్గర వివరం ఎంత తక్కువుందో కూడా బయటపడుతుంది. ఎన్నోసార్లు అంటే ఎన్నిసార్లు? "సరైన చర్యలు" అంటే ఏం చేయాల్సింది? జవాబు తెలిస్తే రాయండి. తెలియకపోతే కనుక్కోండి, కుదరకపోతే మీరు చూసినంతవరకే చెప్పండి: "కాలనీ అంతా" కాదు, "మా వీధిలో". అంకె వేస్తే నమ్ముతారు కదా అని ఊహించి మాత్రం వేయకండి. నిజంగా అంచనాయే అయితే "సుమారు" ఉండాల్సిందే. అది అదనపు మాట కాదు.

ఈ రెండూ అయ్యాక నమూనా ఇలా మారింది:

"మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అదీ 20 నిమిషాలే వస్తున్నాయి. మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి వార్డు ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాం. అయినా ఇంతవరకు పైపు చూడటానికి ఎవరూ రాలేదు."

నిడివి తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. కానీ ఇప్పుడు చదివినవాళ్లు అడగడానికి ప్రశ్న మిగల్లేదు.

3. అదనపు మాటలు ఆఖరున. "అనేది", "యొక్క", "ఈ విషయాన్ని" ఈపాటికే పోయాయి. మిగతా పేజీలో ఇలాంటివి ఉంటే తీసేసి, వాక్యాన్ని పైకి చదవండి. అర్థం చెక్కుచెదరకపోతే ఆ మాట అక్కర్లేనట్టే. పాఠకుడికి కొత్త పేరు పరిచయం చేసేటప్పుడు "అనేది" ఉండనివ్వండి. "కానీ", "అయితే", "అయినా" మాత్రం ఆచితూచి కొట్టేయండి. పై నమూనాలో "అయినా" తీసేస్తే, రెండుసార్లు రాసిచ్చినా పట్టించుకోలేదన్న ఎత్తిపొడుపు పోయి, సంబంధం లేని రెండు సంగతులు మిగులుతాయి.