మార్చి 31 స్టాక్ లెక్కకు ముందు: మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి

పోయిన మార్చి 31న మాకు తెలిసిన ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో సీలింగ్ ఫ్యాన్లు లెక్కపెట్టారు. ట్యాలీలో 240, గోడౌన్‌లో 228. రాత్రి పదకొండు దాటింది. యజమాని పెళ్లిలో ఉన్నారు, ఫోన్‌లోనే పాస్‌వర్డ్ చెప్పేశారు. అకౌంటెంట్ ఆ లాగిన్‌తో 12 ఫ్యాన్లను ‘డ్యామేజ్’ అని రాసి తీసేసి, తనే ఓకే చేసుకున్నాడు.

నిజానికి ఆ 12 డెలివరీ చలానా మీద ఒక కాంట్రాక్టర్‌కి వెళ్లాయి. ఏప్రిల్‌లో బిల్లు కొట్టగానే సిస్టమ్‌లో మరో 12 తగ్గాయి. అంటే గోడౌన్‌లో లెక్కకు ఎక్కని 12 ఫ్యాన్లు ఉండాలి. జూన్‌లో మళ్లీ లెక్కపెడితే ఒక్కటి కూడా ఎక్కువ రాలేదు, సిస్టమ్‌కి సరిగ్గా సరిపోయింది. ఎవరు పట్టుకెళ్లారో ఇప్పటికీ తెలియదు. ఏ లాగిన్‌తో ఏ ఎంట్రీ మారిందో దాచిపెట్టే ఎడిట్ లాగ్ చూస్తే అందులో ఉన్నది యజమాని పేరే!

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపడానికి వీల్లేని ఎడిట్ లాగ్ తప్పనిసరి. కానీ లాగ్‌కి తెలిసేది లాగిన్ పేరే, కుర్చీలో ఎవరు కూర్చున్నారో కాదు. అందుకే ఎంట్రీ వేసిన మనిషి అప్రూవ్ చేయకూడదు.

ట్యాలీలో ఫిజికల్ స్టాక్ వోచర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. లెక్కించిన సంఖ్య కొడితే ఆ తేదీకి నిల్వ అదే అయిపోతుంది, ఎందుకు తగ్గిందని అడగదు. తేడాని స్టాక్ జర్నల్‌లో, ఆప్షనల్ వోచర్‌గా వేయించండి. మీరు చూసి రెగ్యులర్ చేసేదాకా నిల్వ కదలదు. ఆ అనుమతి మీ లాగిన్‌కే ఉంచుకోండి.

ఓకే చేసేముందు బిల్లు కాని చలానాలు, ఎంట్రీ పడని సేల్స్ రిటర్నులు, ఇతర గోడౌన్‌కి పంపిన సరుకు చూడండి. పై కథలో ఆ ఒక్క చలానా చూసి ఉంటే సరిపోయేది. నిజంగా పాడైన సరుకైతే ఫోటో, లెక్కపెట్టిన ఇద్దరి సంతకాలున్న షీటు అడగండి. అలా రాసి తీసేసిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి, సెక్షన్ 17(5)(హెచ్) అదే చెబుతుంది. కారణం తప్పు రాస్తే ఊరికే డబ్బు కట్టినట్టే.

ఇక మిగతావి. లెక్క షీటులో సిస్టమ్ సంఖ్య ముందే ముద్రించి ఇవ్వకండి, చూసి అదే రాసేస్తారు. నరేషన్‌లో ‘కరెక్షన్’ అని మాత్రమే ఉంటే తిప్పి పంపండి. ఎక్కువ వచ్చిన సరుకుకీ అప్రూవల్ కావాలి. ఒక ఐటమ్ ఎక్కువని ఇంకో ఐటమ్ తక్కువకి సర్దనివ్వకండి. పాత వోచర్ దిద్దకండి, డిలీట్ చేయకండి, ఎదురు ఎంట్రీ వేయండి. ఎంట్రీ వేసిన మనిషి అప్రూవ్ చేయకూడదు. ఊళ్లో లేకపోతే మర్నాడు చూడండి, ఆప్షనల్ వోచర్ ఒక రాత్రి ఆగితే కొంపలేం మునగవు. ఇప్పటికే ఎవరికైనా పాస్‌వర్డ్ చెప్పి ఉంటే ఈ రోజే మార్చండి.